పొడవాటి ఉద్యోగ వివరణను సోషల్ మీడియా ప్రకటనగా కుదించడం: మొదటి నుంచి చివరి వరకు

ఆఫీసుల్లో జేడీ అని పిలుచుకునే ఉద్యోగ వివరణ మూడు నాలుగు పేజీలు ఉంటుంది. దాన్ని ఫోనులో పది సెకన్లలో చదివే ప్రకటనగా మార్చమని ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఎలా చేయాలని అడిగేవాళ్లలో చాలామంది మొదటి అడుగులోనే దారి తప్పుతారు. ప్రతి పేరానూ ఒక్కో వాక్యంగా కుదిస్తూ వెళ్తారు. చివరికి మిగిలేది సగం పొడవున్న జేడీయే తప్ప ప్రకటన కాదు.

జేడీ, ప్రకటన రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. ఉద్యోగంలో చేరిన మనిషి బాధ్యతలేమిటో సంస్థకూ ఆ మనిషికీ మధ్య తేల్చి చెప్పేది జేడీ. ప్రకటన రెండే ప్రశ్నలకు జవాబివ్వాలి: ఇది నాకు సరిపోయే ఉద్యోగమేనా? అయితే ఇప్పుడు ఏం చేయాలి? అందుకే ఇక్కడ కుదింపు అంటే ఎంపిక. చదివేవాళ్ల నిర్ణయాన్ని మార్చే మాటలు ఉంచుతాం. మిగతావి ఎంత ముఖ్యమైనా లింకు వెనక్కి పంపుతాం.

పద్ధతి అర్థం కావడానికి ఒకే నమూనాను చివరిదాకా పట్టుకుందాం. ఒక గోదాములో ఖాళీ ఉంది. జేడీ మీద ‘ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, గ్రేడ్ 2’ అని ఉంది, పని మాత్రం షిఫ్టును నడిపే సూపర్‌వైజరుది. సుమారు 900 పదాలు, 16 బాధ్యతలు, 11 అర్హతలు, రెండు పేరాల సంస్థ పరిచయం, చివర సౌకర్యాల జాబితా. దీన్ని 70 పదాల దగ్గరకు తేవాలి.

## 1. రాయకముందు చేతిలో ఉండాల్సినవి

చాలా ప్రకటనలు రాతలో లోపం వల్ల కాదు, సమాచారం చాలక చెడిపోతాయి. జేడీ ఒక్కటే చూసి రాస్తే అందులో లేనివి ప్రకటనలోనూ ఉండవు. జీతం, చివరి తేదీ, పని స్థలం వంటివి జేడీలో తరచూ కనిపించవు. అది ఆఫీసు లోపలి పత్రం కాబట్టి వాటి అవసరం అక్కడ రాలేదు.

కూర్చునే ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- [ ] జేడీ తుది ప్రతి. చిత్తు ప్రతి మీద పని మొదలుపెట్టకండి.
- [ ] పని చేయాల్సిన ఊరు, వీలైతే ప్రాంతం. ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు వేరు కావచ్చు.
- [ ] బయటికి చెప్పడానికి అనుమతి ఉన్న జీతం పరిధి
- [ ] శాశ్వతమా, ఒప్పందమా. ఒప్పందమైతే ఎన్ని నెలలు
- [ ] పని వేళలు, షిఫ్టులు, సెలవు రోజులు
- [ ] సంవత్సరంతో సహా చివరి తేదీ
- [ ] పనిచేస్తున్న దరఖాస్తు లింకు. ఫోనులో తెరిచి చూసిన తర్వాతే ‘పనిచేస్తోంది’ అనుకోండి.
- [ ] వ్యాఖ్యల్లో వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి ఎవరన్నది

దీనికి తోడు, ఆ ఖాళీ ఎవరి విభాగంలో ఉందో ఆ మేనేజరుతో పావుగంట మాట్లాడాలి. ఇది తప్పించుకోలేని పని. ‘జేడీలో అంతా ఉందిగా’ అని అంటారు. వెళ్లి అడిగితే అందులో సగం పాత జేడీ నుంచి ఎత్తి అతికించినదని వాళ్లే చెబుతారు.

## 2. మేనేజరును అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటిది: ఈ అర్హత లేకపోయినా, మిగతావన్నీ బాగున్న మనిషి వస్తే ఇంటర్వ్యూకి పిలుస్తారా?

11 అర్హతలనూ ఒక్కొక్కటిగా చదివి ఇదే ప్రశ్న వేయండి. ‘పిలుస్తాను’ అంటే అది తప్పనిసరి కాదు. ‘పిలవను’ అంటే వడపోత షరతు. ‘చూద్దాం’ అనే జవాబు కూడా ‘పిలుస్తాను’ కిందకే వస్తుంది.

మన నమూనాలో డిగ్రీ ఉండాలని రాసి ఉంది. మేనేజరు మాత్రం, గోదాములో రెండేళ్లు పనిచేసినవారైతే డిగ్రీ అడగనన్నారు. ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు గురించి అడిగితే, చేరాక శిక్షణ తామే ఇప్పిస్తామన్నారు. 20 కిలోల బరువు ఎత్తగలగాలన్న షరతు ఇంకా విచిత్రం. సూపర్‌వైజరు బరువులు ఎత్తనక్కర్లేదు, ఆ వాక్యం లోడింగ్ కార్మికుల జేడీ నుంచి వచ్చి చేరింది. దాన్ని చూసుకోకుండా ప్రకటనలో పెడితే, పనికి బాగా తగినవాళ్లు కూడా అకారణంగా వెనక్కి తగ్గేవారు.

చివరికి నిలిచినవి మూడే: గోదాములో రెండేళ్ల అనుభవం, కంప్యూటర్‌లో సరుకు నమోదు చేయడం తెలిసి ఉండటం, నెలలో ఒక వారం రాత్రి షిఫ్టుకు సిద్ధపడటం. ‘మంచి భావవ్యక్తీకరణ’, ‘స్వయంప్రేరణ’, ‘ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యం’ లాంటివి ఇంటర్వ్యూలో తేలేవి. అవి తనకు లేవనుకుని దరఖాస్తు మానేసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ప్రకటనలో వాటికి పని లేదు.

రెండోది: వారంలో ఎక్కువ సమయం దేనికి పోతుంది?

16 బాధ్యతలు ఒకే వరుసలో ఉంటే అన్నీ సమానంగా కనిపిస్తాయి. నిజానికి మొదటి మూడు నాలుగే వారంలో చాలా భాగాన్ని తీసుకుంటాయి. ఏడాదికోసారి చేసే సరుకు తనిఖీ, రోజూ చేసే షిఫ్టు అప్పగింత పక్కపక్కనే ఉంటాయి. ఈ తేడా కాగితం మీద కనిపించదు, అడిగి తెలుసుకోవాలి.

మూడోది: గతంలో చేరినవారు ఎందుకు మానేశారు? లేదా చివరి నిమిషంలో ఎందుకు వద్దన్నారు?

దీనికి వచ్చే జవాబు ప్రకటనలో కచ్చితంగా ఉండాలి. మన నమూనాలో జవాబు: రాత్రి షిఫ్టు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక గానీ ఆ సంగతి వాళ్లకు తెలియలేదు. ఇబ్బంది కలిగించే షరతును ప్రకటనలో దాచాలన్న కోరిక సహజం. దాచితే దరఖాస్తులు పెరుగుతాయి, చేరేవాళ్లు పెరగరు. వడపోత ఎప్పుడో ఒకప్పుడు జరగక తప్పదు. ఒక వాక్యంతో మొదట్లోనే జరిగితే ఇంటర్వ్యూల సమయం మిగులుతుంది.

## 3. జేడీని గుర్తులు పెడుతూ చదవడం

ఇప్పుడు జేడీని ముద్రించి, లేదా తెర మీదే రంగులు వేస్తూ, ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం పెట్టండి.

- వ (వడపోత): ఇది లేకపోతే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు.
- ఆ (ఆకర్షణ): ఇది తెలిస్తే తగిన మనిషి దరఖాస్తు చేయాలనుకుంటారు.
- లిం (లింకు): ఆసక్తి కలిగాక తెలుసుకోవాల్సింది.
- కొ (కొట్టివేత): ఏ సంస్థ ఏ ఉద్యోగానికైనా రాసేది.

నమూనాలోని కొన్ని వాక్యాలకు గుర్తులు ఇలా పడ్డాయి:

- ‘వేగంగా ఎదుగుతున్న మా సంస్థ నాణ్యతకు కట్టుబడి ఉంది’ → కొ
- ‘12 మంది సిబ్బంది షిఫ్టును పర్యవేక్షించాలి’ → ఆ
- ‘నాలుగు వారాలకొకసారి రాత్రి షిఫ్టు ఉంటుంది’ → వ
- ‘నెలవారీ సరుకు వ్యత్యాసాల నివేదిక తయారీ’ → లిం
- ‘ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఉంటే ప్రాధాన్యం’ → జేడీలో లిం. శిక్షణ ఇస్తారని తెలిశాక ఆ
- ‘పై అధికారులు అప్పగించే ఇతర పనులు’ → కొ

ఐదో వాక్యాన్ని గమనించండి. అభ్యర్థిని అడిగే షరతుగా రాసినది, మేనేజరు మాటతో సంస్థ ఇచ్చే సౌలభ్యంగా మారింది. ప్రకటనలోకి వెళ్లేది ఆ రెండో రూపమే. ఇలాంటివి జేడీకి ఒకటో రెండో దొరుకుతాయి. అందుకే మేనేజరుతో మాట్లాడాకే గుర్తులు పెట్టాలి, అంతకుముందు కాదు.

‘ఆ’ గుర్తు విషయంలో కొంచెం కఠినంగా ఉండండి. ‘స్నేహపూర్వక వాతావరణం’ ఆకర్షణ కాదు. ఏ సంస్థా తమది శత్రుత్వ వాతావరణమని రాయదు. సరిచూసుకోగల విషయం ఏదైనా ఉంటేనే ఆ గుర్తు పెట్టండి: 12 మంది బృందం, జీతంతో కూడిన శిక్షణ, రెండు వారాల ముందే ఇచ్చే షిఫ్టు పట్టిక.

వడపోత షరతులు నాలుగు దాటితే మళ్లీ మేనేజరు దగ్గరకు వెళ్లండి. నాలుగు కంటే ఎక్కువ నిజంగా తప్పనిసరి అయిన ఉద్యోగాలు లేకపోలేదు. అయితే అక్కడ సాధారణంగా చట్టమో లైసెన్సో ఉంటుంది.

## 4. పదవి పేరు మార్చడం

‘ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, గ్రేడ్ 2’ అన్న పేరు జీతాల విభాగానికి కావాలి. బయటివాళ్లకు దానివల్ల ఏమీ తెలియదు. అదే పేరుతో ఒక చోట కాల్ సెంటర్ పని ఉంటుంది, మరోచోట బ్యాంకు పని ఉంటుంది.

ఆ పని చేస్తున్న మనిషిని ‘మీరేం చేస్తారు’ అని బయట ఎవరైనా అడిగితే ఏం చెబుతారో అదే ప్రకటనలో పేరు. ఇక్కడ ‘గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్’. వెతికేవాళ్లు టైపు చేసేదీ దాదాపు ఇదే.

మూడు జాగ్రత్తలు. హోదా పెంచకూడదు: సూపర్‌వైజరును మేనేజరు అని రాస్తే వేరే స్థాయి మనుషులు వస్తారు, జీతం చూసి వెళ్లిపోతారు. ‘నింజా’, ‘రాక్‌స్టార్’ తరహా పేర్లు వద్దు. దరఖాస్తు పేజీలో పాత పేరే ఉంటుంది కాబట్టి అక్కడ ‘గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్ (ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, గ్రేడ్ 2)’ అని రెండూ కలిపి పెట్టించండి. లేకపోతే లింకు నొక్కినవాళ్లు వేరే ఉద్యోగం తెరుచుకుందనుకుని వెనక్కి పోతారు.

తెలుగులో రాసేటప్పుడు లింగం కూడా చూసుకోవాలి. ‘సహాయకుడు కావాలి’ అంటే మగవాళ్లకే అని అర్థమవుతుంది. ‘సహాయకులు కావాలి’ అంటే అందరికీ. క్రియలోనూ అంతే: ‘చూసుకుంటాడు’ బదులు ‘చూసుకుంటారు’.

## 5. 16 బాధ్యతలను ఒక వాక్యం చేయడం

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు ఇక్కడ పనికొస్తుంది. మేనేజరు చెప్పిన దాని ప్రకారం సమయంలో ఎక్కువ భాగం మూడింటికి పోతుంది: షిఫ్టులో ఎవరు ఏ పని చేయాలో పంచడం, వెళ్లే సరుకు సరిగ్గా వెళ్లిందో లేదో చూడటం, లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించడం.

జేడీలో అది ఇలా ఉంది: ‘మానవ వనరుల సమర్థ వినియోగం ద్వారా సరుకు తరలింపు ప్రక్రియల కచ్చితత్వాన్ని నిర్ధారించుటకు బాధ్యత వహించవలెను.’

ఇలాంటి వాక్యాన్ని పదం పదం తగ్గించి బాగుచేయలేం. మూసేసి కొత్తగా రాయాలి. ఎవరు, ఏం, ఎవరితో అన్నవి చాలు: ‘12 మంది షిఫ్టును నడుపుతారు, సరుకు సరిగ్గా, సమయానికి బయల్దేరేలా చూస్తారు, లెక్కలు కంప్యూటర్‌లో నమోదు చేస్తారు.’

పేర్లుగా మారిన పనులను మళ్లీ క్రియలుగా మార్చడమే ఇందులో ఉన్న కిటుకు. పర్యవేక్షణ, నిర్వహణ, సమన్వయం, అమలు అన్న నాలుగు మాటలు ఎక్కడ కనిపించినా, ‘అంటే చేతులతో ఏం చేస్తారు?’ అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ బాధ్యత ప్రకటనలోకి రానక్కర్లేదు.

## 6. కుదిస్తే అర్థం మారిపోయే చోట్లు

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. వాక్యం చిన్నదయ్యే కొద్దీ షరతులు రాలిపోతాయి. షరతు రాలిన వాక్యం హామీగా మారుతుంది.

బోనస్. జేడీలో ‘సంస్థ లాభాలను, పనితీరును బట్టి వార్షిక బోనస్ ఇవ్వవచ్చు’ అని ఉంటుంది. ప్రకటనలో ‘జీతం + బోనస్’ అవుతుంది. చదివినవాళ్లు అది ఖాయమనుకుంటారు. ‘పనితీరును బట్టి బోనస్’ అని ఒక్క మాట చేర్చండి, చోటు లేకపోతే బోనస్ ఊసే ఎత్తకండి.

ఇంటి నుంచి పని. ‘ఆరు నెలల తర్వాత, మేనేజరు అనుమతితో, వారానికి రెండు రోజులు’ అన్నది ‘ఇంటి నుంచి పని చేయవచ్చు’గా మారితే అది అబద్ధమే. ఊరు మారాల్సిన మనిషి ఈ ఒక్క మాట నమ్మి దరఖాస్తు చేస్తారు.

ఉద్యోగ కాలం. ఏడాది ఒప్పందం అన్నది జేడీ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కుదించేటప్పుడు సులువుగా జారిపోతుంది. స్థిరమైన ఉద్యోగం వదిలి వచ్చే మనిషికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

జీతం. ‘ఇంత వరకు’ అని గరిష్ఠ అంకె ఒక్కటే వేయడం పాత అలవాటు. అందరూ ఆ అంకెనే గుర్తుపెట్టుకుంటారు. రెండు చివరలూ ఇవ్వండి, నెలకో ఏడాదికో చెప్పండి, కోతలకు ముందు మొత్తమో చేతికి వచ్చేదో చెప్పండి. ప్రకటనలో జీతం పరిధి చెప్పాలని కొన్ని దేశాల్లో, రాష్ట్రాల్లో చట్టమే ఉంది. మీ చోట ఉందో లేదో ప్రకటన పెట్టకముందే తెలుసుకోండి. ‘జీతం అర్హతను బట్టి’ అనే వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. సంస్థ అంకె ఇవ్వకపోతే ఆ పంక్తి తీసేసినా నష్టం లేదు.

లేని షరతులు చేరడం. ఇది దీనికి తిరగబడిన ప్రమాదం. ‘రెండేళ్ల అనుభవం ఉన్నవారు’ అని రాయాల్సినవారు చిన్నగా, చురుగ్గా ఉండాలని ‘ఉత్సాహవంతులైన యువకులు’ అని రాసేస్తారు. జేడీలో వయసు లేదు, లింగం లేదు. ప్రకటనలో రెండూ వచ్చి కూర్చున్నాయి. చాలా దేశాల్లో ఇది చట్టపరమైన చిక్కు కూడా. ప్రకటనలో ప్రతి షరతుకూ జేడీలో ఆధారం ఉందా అని చివర్లో వేలు పెట్టి సరిచూడండి.

## 7. మొదటి రెండు పంక్తులు

సోషల్ మీడియాలో పొడవైన రాతను వేదికే మధ్యలో మడిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తారు, కానీ నొక్కకుండా కనిపించేది సుమారు 125 అక్షరాలే. లింక్డ్ఇన్‌లో పోస్టుకు 3,000 అక్షరాల పరిమితి ఉన్నా, మొదటి కొన్ని పంక్తుల తర్వాత మిగతాది మడత కిందకు పోతుంది. ఆ మడతకు పైన ఏం ఉందన్నదే అసలు విషయం.

పైన ఉండాల్సినవి: పదవి పేరు, ఊరు, జీతం. చోటుంటే బలమైన ఆకర్షణ ఒకటి. ‘మా బృందంలో చేరే సువర్ణావకాశం!’ అని మొదలుపెడితే కనిపించే కొద్ది చోటూ ఖర్చయిపోతుంది, ఉద్యోగమేమిటో తెలియదు. సంస్థ పరిచయంతో మొదలుపెట్టినా అంతే. సంస్థ పేరు ఖాతా పేరుగా పైన ఎలాగూ కనిపిస్తుంది.

## 8. కూర్చడం

ఇప్పటిదాకా తేలినవన్నీ వరుసలో పెడితే నమూనా ప్రకటన ఇలా వస్తుంది. చదరపు కుండలీకరణాల్లో ఉన్నవి మీరు నింపాల్సినవి.

> గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్ కావాలి: [నగరం]
> నెలకు [కనిష్ఠం] నుంచి [గరిష్ఠం] వరకు, కోతలకు ముందు. శాశ్వత ఉద్యోగం.
>
> మీరు 12 మంది షిఫ్టును నడుపుతారు. సరుకు సరిగ్గా, సమయానికి బయల్దేరేలా చూస్తారు. లెక్కలు కంప్యూటర్‌లో నమోదు చేస్తారు.
>
> తప్పనిసరి:
> • గోదాములో రెండేళ్ల అనుభవం
> • కంప్యూటర్‌లో సరుకు నమోదు తెలిసి ఉండటం
> • నెలలో ఒక వారం రాత్రి షిఫ్ట్
>
> డిగ్రీ అవసరం లేదు. ఫోర్క్‌లిఫ్ట్ శిక్షణ మేమే ఇస్తాం. షిఫ్టు పట్టిక రెండు వారాల ముందే ఇస్తాం.
>
> చివరి తేదీ: 2026 మార్చి 20
> పూర్తి వివరాలు, దరఖాస్తు: example.com/jobs/wh2

900 పదాలు 70 పదాల దగ్గరకు వచ్చాయి. ‘డిగ్రీ అవసరం లేదు’ అన్న మూడు మాటలు జేడీలో లేవని గమనించండి. జేడీ చెప్పేది దానికి వ్యతిరేకం కూడా. అందుకే ఇది ప్రకటనలో రాసే ముందు జేడీని సరిదిద్దించాలి. ప్రకటన ఒకటి, లింకు వెనక పత్రం ఇంకొకటి చెబితే, నమ్మకం పోయేది ప్రకటన మీదే.

జాబితాగా రాసింది వడపోత షరతులను మాత్రమే. పని వర్ణనను వాక్యంగానే ఉంచాను. అన్నిటికీ చుక్కలు పెడితే ఏది షరతో ఏది వర్ణనో తెలియదు.

దరఖాస్తుకు ఒకే దారి ఇవ్వండి. లింకు, ఈమెయిలు, ఫోను నంబరు, ‘నేరుగా సందేశం పంపండి’ అని నాలుగూ ఇస్తే నాలుగు చోట్ల దరఖాస్తులు పోగవుతాయి, ఒకటి రెండు తప్పక కళ్లు తప్పించుకుంటాయి.

## 9. ఒక్కో వేదికకు సర్దుబాటు

ఎక్స్. మామూలు ఖాతాకు 280 అక్షరాలు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ మోసపోతారు, ఎందుకంటే గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘దరఖాస్తు’ మన కంటికి నాలుగు అక్షరాలే, లెక్కలో ఎనిమిది. లింకు ఎంత పొడవున్నా 23గా లెక్కిస్తారు కాబట్టి దాన్ని చిన్నది చేయడం వల్ల లాభం లేదు. నమూనా ఇలా కుదురుతుంది:

> గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్ కావాలి, [నగరం]. 12 మంది బృందం, నెలలో ఒక వారం రాత్రి షిఫ్ట్. రెండేళ్ల గోదాము అనుభవం తప్పనిసరి. జీతం నెలకు [కనిష్ఠం–గరిష్ఠం]. చివరి తేదీ: 2026 మార్చి 20. దరఖాస్తు: example.com/jobs/wh2

ఇది లెక్కలో సుమారు 210. మిగిలిన చోటులో ‘డిగ్రీ అవసరం లేదు’ చేర్చుకోవచ్చు. నేనైతే అదే చేరుస్తాను, హ్యాష్‌ట్యాగ్‌లు కాదు.

ఇన్‌స్టాగ్రామ్. కాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. ప్రొఫైల్‌లో లింకు పెట్టి ‘దరఖాస్తు లింకు ప్రొఫైల్‌లో ఉంది’ అని రాయాలి, లేదా స్టోరీలో లింకు స్టిక్కర్ వాడాలి. బొమ్మ మీద ఐదు విషయాలు చాలు: పదవి, ఊరు, జీతం, ముఖ్య షరతు, చివరి తేదీ. తెలుగులో ఒత్తులు కింది పంక్తికి తగులుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం పెంచండి. తయారైన బొమ్మను ఫోనులోనే, చేయి చాచి పట్టుకుని చదివి చూడండి. కంప్యూటర్ తెర మీద ఏ బొమ్మైనా బాగానే కనిపిస్తుంది.

బొమ్మలోని రాత చూపులేనివారి స్క్రీన్ రీడర్లకు నేరుగా అందదు. అదే సమాచారం కాప్షన్‌లోనూ ఉండాలి, బొమ్మకు ప్రత్యామ్నాయ వచనమూ ఇవ్వాలి. ఇంకొక సంగతి: పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును తెచ్చి కాప్షన్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయక తప్పదు.

వాట్సాప్. ఇక్కడ ప్రకటన మీ చేతిలో ఉండదు. ఒకరి నుంచి ఒకరికి వెళ్తూ నెలలు, కొన్నిసార్లు ఏళ్లు తిరుగుతుంది. అందుకే సంస్థ పేరు, సంవత్సరంతో సహా చివరి తేదీ, అధికారిక వెబ్‌సైటు లింకు మూడూ సందేశంలోనే ఉండాలి. ‘ఈ శుక్రవారం లోపు’ అన్న మాట రెండో వారంలో పనికిరాదు. ఎవరి సొంత ఫోను నంబరూ వేయకండి. పదవి పేరు బొద్దు అక్షరాల్లో రావాలంటే అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టండి:

```
*గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్*
```

ఉద్యోగాల పేరుతో మోసాలు జరిగేదీ ఎక్కువగా ఇలాంటి సందేశాల్లోనే. ‘దరఖాస్తుకు ఎలాంటి రుసుమూ లేదు’ అన్న ఒక్క పంక్తి చేర్చితే, ఎవరైనా మీ ప్రకటనను మార్చి డబ్బు అడిగినా చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

## 10. పెట్టేముందు చివరి తనిఖీ

- [ ] మడతకు పైన పదవి, ఊరు, జీతం కనిపిస్తున్నాయా?
- [ ] ప్రతి షరతుకూ, ప్రతి హామీకీ జేడీలో ఆధారం ఉందా?
- [ ] మేనేజరు చెప్పిన ఇబ్బందికర షరతు ప్రకటనలో ఉందా?
- [ ] తేదీలో సంవత్సరం ఉందా?
- [ ] మీ ఖాతాలోకి లాగిన్ కాని ఫోనులో లింకు తెరుచుకుందా?
- [ ] ఆ విభాగంతో సంబంధం లేని ఒకరికి చూపించి, ‘ఇదేం ఉద్యోగం, ఎవరికి?’ అని అడిగారా? వాళ్లు మళ్లీ తెర చూసి జవాబు చెబితే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

## 11. పెట్టాక ఏం చూడాలి

ఏ వేదిక నుంచి ఎవరు వచ్చారో తెలియాలంటే ఒక్కో చోట లింకు చివర గుర్తు మార్చి పెట్టండి:

```
https://example.com/jobs/wh2?utm_source=linkedin&utm_medium=social
https://example.com/jobs/wh2?utm_source=instagram&utm_medium=social
```

ఇది పనిచేయాలంటే దరఖాస్తు పేజీలో సందర్శకులను లెక్కించే ఏర్పాటు ఉండాలి. వెబ్‌సైటు చూసేవారిని ముందే అడగండి.

లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో చెప్పవచ్చు. చూసినవాళ్లు చాలామంది ఉండి లింకు నొక్కినవాళ్లు తక్కువైతే, పదవి పేరునో మొదటి పంక్తినో మార్చండి. నొక్కినవాళ్లు బాగానే ఉండి దరఖాస్తులు రాకపోతే తప్పు ప్రకటనది కాదు. పేజీలో జేడీ వేరే మాట చెబుతోంది, లేదా దరఖాస్తు ఫారం ఫోనులో నింపలేనంత పొడవుంది. దరఖాస్తులు కుప్పలుగా వచ్చి పనికొచ్చేవి లేకపోతే, వడపోత షరతు ఒకటి ప్రకటనలో లేదు, లేదా చదివినా కళ్లకు ఆనని చోట ఉంది.

వ్యాఖ్యల్లో ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగితే జవాబిచ్చి ఊరుకోకండి. ఆ జవాబును ప్రకటనలోనే చేర్చండి. ‘ఫ్రెషర్లు చేయవచ్చా?’ అని పదే పదే వస్తుంటే, రెండేళ్ల అనుభవం అన్న పంక్తి మడత కింద ఎక్కడో ఉందని అర్థం.

చివరి తేదీ దాటాక పోస్టును తొలగించవద్దు. తొలగించినా పంచుకున్న ప్రతులు తిరుగుతూనే ఉంటాయి, సరిచూసుకోవడానికి మీ ఖాతాకు వచ్చినవాళ్లకు ఏమీ దొరకదు. మొదటి పంక్తిలో ‘దరఖాస్తులు ముగిశాయి’ అని చేర్చి ఉంచండి. సవరించే వీలు లేని చోట అదే మాట మొదటి వ్యాఖ్యగా పెట్టండి. లింకు వెనకున్న పేజీలోనూ ఆ మాటే ఉండాలి, ఖాళీ పేజీ తెరుచుకోకూడదు.